పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకం: క్రీడల శాఖకు ఒక కుస్తీ కుర్రవాడి బహిరంగ లేఖ

రాష్ట్ర యువజన, క్రీడల శాఖ ఉన్నతాధికారులకు, రాష్ట్ర క్రీడా ప్రాధికార సంస్థ 'శాప్' అధికారులకు,

అయ్యా, అమ్మా,

నమస్కారం. నాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలం. ఫ్రీస్టయిల్ కుస్తీలో 57 కిలోల విభాగంలో ఆడతాను. డిగ్రీ పూర్తయింది. మా నాన్న రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. ఏరేటర్లు ఆగిపోకుండా చూడటం ఆయన పని. నేను తెల్లవారుజామున సాధనకు బయలుదేరే వేళకు ఆయన ఇంటికి వస్తారు. చాలా రోజులు మేమిద్దరం గడప దగ్గరే కలుసుకుంటాం.

ఉద్యోగం ఇప్పించమని అడగడానికి ఈ లేఖ రాయడం లేదు. క్రీడాకారుల కోటాలో నా కాగితాలకు ఎంత విలువ ఉందో, అసలు విలువ ఉందో లేదో ఎవరూ రాతపూర్వకంగా చెప్పడం లేదు. దాన్ని అడగడానికే రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను. ఒక నియామకానికి కోటా కింద దరఖాస్తు చేసి, ధ్రువపత్రాల పరిశీలనకు వెళ్లాను. ఏ కార్యాలయమో ఇక్కడ రాయను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నా దగ్గర రెండు ముఖ్యమైన కాగితాలున్నాయి. ఒకటి సీనియర్ జాతీయ పోటీల్లో పాల్గొన్నట్టు. రెండోది అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో కాంస్యం గెలిచినట్టు. ఆయన మొదటిది చూసి, తేదీ చూసి, పక్క బల్ల మీదున్న వారిని ఏదో అడిగి వచ్చి, జిరాక్సు ప్రతి మూలలో పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. రెండోది చూసి, "మూడో స్థానం అని ఉంది. ఇదే పోటీలో ఇదే బరువులో మూడో స్థానమని ఇంకొకరి కాగితం కూడా చూశాం. టై అయిందా?" అని అడిగారు. నేను వివరించాను. ఆయన విన్నారు. తల ఊపారు. దాని మీద కూడా ఒక ప్రశ్నార్థకం పెట్టారు.

ఆ రెండు గుర్తుల గురించే ఈ లేఖ.

ఊళ్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాష్ట్ర స్థాయి బంగారు పతకానికి కోటాలో నేరుగా విలువ లేదు. నేను రాష్ట్ర పోటీల్లో గెలిచి వచ్చిన రోజు మా వీధి మొగలో ఫ్లెక్సీ కట్టారు, దండ వేశారు. కానీ 2012 నాటి జీవో 74ను ఉటంకిస్తూ వచ్చిన నియామక నోటిఫికేషన్లు చదివితే, 'ప్రతిభావంతుడైన క్రీడాకారుడు' అంటే రాష్ట్రం తరఫునో దేశం తరఫునో జాతీయ, అంతర్జాతీయ పోటీల్లో ఆడినవాడు, లేదా విశ్వవిద్యాలయం తరఫున అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లోనో రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ పాఠశాల క్రీడల్లోనో ఆడినవాడు. అంటే రాష్ట్ర పతకం జాతీయ పోటీకి టికెట్ మాత్రమే. ఆ టికెట్‌తో వెళ్లి ఆడివచ్చిన కాగితమే లెక్కలోకి వస్తుంది. ఫ్లెక్సీ కట్టినవారికి ఈ మాట నేను ఇంతవరకూ చెప్పలేదు.

ఇక ఆ జాతీయ పోటీ కాగితం సంగతి. 2023 డిసెంబరు 21న భారత కుస్తీ సమాఖ్యకు ఎన్నికలు జరిగాయి. మూడు రోజులకే, 24న, కేంద్ర క్రీడల మంత్రిత్వ శాఖ ఆ కొత్త కార్యవర్గాన్ని సస్పెండ్ చేసింది. ఆట నడిపే పని భారత ఒలింపిక్ సంఘం నియమించిన తాత్కాలిక కమిటీ చేతికి వెళ్లింది. ఆ తర్వాత ఏమైందో కుస్తీ ఆడే ప్రతివాడికీ గుర్తే. ఒకే ఏడాదికి రెండు సీనియర్ జాతీయ పోటీలు జరిగాయి. 2024 జనవరి చివర్లో సమాఖ్య పుణెలో పెట్టింది. ఫిబ్రవరి మొదటి వారంలో తాత్కాలిక కమిటీ జైపూర్‌లో పెట్టింది. సస్పెన్షన్‌లో ఉన్న సమాఖ్య పెట్టే పోటీలకు గుర్తింపు లేదని, అక్కడ ఇచ్చే ధ్రువపత్రాలను ప్రభుత్వ ఉద్యోగాలకూ ప్రవేశాలకూ లెక్కలోకి తీసుకోరని మంత్రిత్వ శాఖ అప్పుడే చెప్పింది. ఇంకో వైపు, ప్రపంచ కుస్తీ సమాఖ్య అదే ఫిబ్రవరిలో మన సమాఖ్య మీద తాను విధించిన సస్పెన్షన్‌ను ఎత్తేసింది. అంటే ప్రపంచం ఒకరిని గుర్తించింది, ఢిల్లీ గుర్తించలేదు. తాత్కాలిక కమిటీ మార్చిలో రద్దయింది. మంత్రిత్వ శాఖ సస్పెన్షన్ మాత్రం 2025 మార్చి 10 దాకా నడిచింది.

ఆ రెండు పోటీల్లో ఒకదానికి నేను వెళ్లాను. దేనికన్నది ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది నా ఒక్కడి అర్జీ అయిపోతుంది, మీరు కూడా నా ఒక్కడికే జవాబిస్తారు. ఏ వారం ఏ రైలు ఎక్కాలో నిర్ణయించుకున్నది మేము కాదన్నది మాత్రం చెబుతాను. కుస్తీలో పేరు పంపేది సంఘం. ఫలానా తేదీకి బరువు దింపుకుని రమ్మంటే దింపుకుని వెళ్లడమే మా వంతు.

బరువు దింపుకోవడం అంటే ఏమిటో ఒక్క మాట చెప్పనివ్వండి. నేను మామూలుగా 61 కిలోలుంటాను. పోటీ రోజు పొద్దున అరగంట సేపు తూకం ఉంటుంది. అప్పుడు కాటా మీద 57 దాటకూడదు. గదిలో ఫ్యాను ఆపి, బనీను మీద రెయిన్‌కోటు, దాని మీద స్వెట్టరు వేసుకుని ఉన్నచోటే పరుగెత్తుతాం. చివరి రాత్రి నీళ్లు తాగం, పుక్కిలించి ఉమ్మేస్తాం. గ్రాముల లెక్కలో లోకం ఎంత కఠినంగా ఉంటుందో 2024 ఆగస్టులో పారిస్‌లో వినేశ్ ఫోగట్ విషయంలో అందరూ చూశారు. వంద గ్రాములు ఎక్కువుందని ఫైనల్ ఆడనివ్వలేదు. అదే పని ఒకే వారంలో రెండు ఊళ్లలో రెండుసార్లు చేయడం ఒంటికి సాధ్యం కాదు. కాబట్టి 'రెండింటికీ వెళ్లి ఉండాల్సింది కదా' అనే సలహా దయచేసి ఇవ్వకండి. ఇప్పటికే ఇద్దరు ఇచ్చారు.

ఆ పోటీలో నా మొదటి ప్రత్యర్థి రైల్వే జట్టువాడు. జాతీయ పోటీల్లో రాష్ట్రాలతో పాటు రైల్వే జట్టు, సైనిక దళాల సర్వీసెస్ జట్టు కూడా ఆడతాయి. ఈల వేసిన కాసేపటికే నా కాళ్లు దొరకబుచ్చుకుని కింద పడేశాడు, రెండు పాయింట్లు. లేవబోయేలోగా నా రెండు మడమలూ మెలివేసి బిగించి దొర్లించాడు, రెండు. మళ్లీ దొర్లించాడు, రెండు. మొత్తం నాలుగు దొర్లింపులు. పది పాయింట్ల తేడా రాగానే ఫ్రీస్టయిల్‌లో ఆట ముగుస్తుంది. నా ఆట అలా ముగిసింది. మంచివాడు, చేయి పట్టి లేపాడు. తర్వాత నీళ్ల దగ్గర కలిసినప్పుడు అతను మొదట అడిగిన ప్రశ్న: "ఉద్యోగం వచ్చిందా?" రాలేదన్నాను. తనకు పంతొమ్మిదో ఏటే వచ్చిందట. పోటీల ముందు సాధనకు డ్యూటీ నుంచి వదులుతారట, తిండికీ వైద్యానికీ లోటు లేదట.

అతని మీద నాకు అసూయ లేదు. అబద్ధం, కొంచెం ఉంది. కానీ లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వ కోటాకు 2013లో క్రోడీకరించిన నిబంధనల్లో వరుస ఇలా ఉంటుంది. మొదట దేశం తరఫున ఆడినవారు, తర్వాత సీనియర్, జూనియర్ జాతీయ పోటీల్లో మూడో స్థానం లోపు వచ్చినవారు, ఆ తర్వాత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో మూడో స్థానం లోపు, ఆ తర్వాత పాఠశాల పోటీల్లో. పతకం లేకుండా పాల్గొన్నవారు అన్నిటికంటే కింద. అంటే ఉద్యోగం కోసం పతకం కావాలి, పతకం కోసం ఇప్పటికే ఉద్యోగం ఉండి, దాని బలంతో సాధన చేసేవాణ్ని ఓడించాలి. సీనియర్ జాతీయ పతకాన్ని మాత్రమే కొలబద్దగా పెట్టుకుంటే మా జిల్లాలాంటి చోటి నుంచి ఒక్కడు కూడా తేలడు. కోటా ఎవరి కోసం పెట్టారో వారిని వడపోసి బయటపడేసే జల్లెడ అవుతుంది. అందుకే మన రాష్ట్ర నిర్వచనంలో 'ప్రాతినిధ్యం' అన్న మాట ఉండటం మాకు పెద్ద ఊరట. ఆ మాటను పట్టుకునే నేను దరఖాస్తు చేశాను. ఆ ప్రాతినిధ్యం మీదే ప్రశ్నార్థకం పడింది.

ధ్రువపత్రం నమూనాలో సంతకం ఎవరిదన్నది ఇంకో ముడి. కేంద్ర నమూనాల్లో అంతర్జాతీయ పోటీకి జాతీయ సమాఖ్య కార్యదర్శి, జాతీయ పోటీకి రాష్ట్ర సంఘం కార్యదర్శి, విశ్వవిద్యాలయ పోటీకి ఆ విశ్వవిద్యాలయ క్రీడా విభాగాధికారి సంతకం చేయాలి. జాతీయ సమాఖ్యే సస్పెన్షన్‌లో ఉన్న దాదాపు పదిహేను నెలల్లో, దానికి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘం కార్యదర్శి చేసిన సంతకం చెల్లుతుందా? చెల్లకపోతే ఆ కాలానికి ఎవరు సంతకం చేయాలి? తాత్కాలిక కమిటీ ఇప్పుడు లేదు. లేని కమిటీ గుమ్మం ముందు నేను ఎక్కడ నిలబడాలి?

మరో ఉదాహరణ చూపిస్తాను. 2023 సెప్టెంబరులో బెల్‌గ్రేడ్‌లో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు మన సమాఖ్య అంతర్జాతీయ సస్పెన్షన్‌లో ఉంది. మనవాళ్లు త్రివర్ణ పతాకం కింద ఆడలేదు, ప్రపంచ సమాఖ్య పతాకం కింద ఆడారు. అంతిమ్ పంఘల్ 53 కిలోల్లో కాంస్యం గెలిచి, పారిస్ ఒలింపిక్స్‌కు మన దేశానికి కోటా స్థానం తెచ్చింది. అది భారత్ పతకం కాదని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. పెద్ద పతకం వచ్చినప్పుడు పాలకుల తగాదాను పక్కనపెట్టి ఆడిన మనిషిని చూశారు. అల్లూరు కుర్రవాడి పాల్గొన్న కాగితం దగ్గర కూడా అదే చూపు చూడగలరా అని అడుగుతున్నాను. చూడలేమంటే అదైనా రాసి ఇవ్వండి.

రెండో ప్రశ్నార్థకం తేలికైనది, అయినా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. అది నా సొంత కాంస్యం. కుస్తీలో ఫైనల్ చేరిన ఇద్దరి చేతిలో ఓడినవాళ్లకు మళ్లీ అవకాశం వస్తుంది. దాన్ని రెపిచేజ్ అంటారు. ఒక్కో ఫైనలిస్టు వైపు నుంచి ఒకరు చొప్పున ఇద్దరు కాంస్యం గెలుస్తారు. వాళ్లిద్దరిదీ మూడో స్థానమే. కాంస్యం పోటీలో ఓడిన ఇద్దరిదీ ఐదో స్థానం. నాలుగో స్థానం అనేదే ఉండదు. టై కాదు, పొరపాటు కాదు, ఆట నియమమే అది.

అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో నేను మొదటి రౌండులోనే ఓడాను. బ్యాగు సర్దుకోలేదు. నన్ను ఓడించినవాడు ఫైనల్‌కు వెళితేనే నాకు బతుకు. మధ్యాహ్నమంతా బెంచీ మీద కూర్చుని నన్ను మట్టి కరిపించినవాణ్ని గెలవమని అరిచాను. పక్కనున్నవాళ్లు అతను నా అన్న అనుకున్నారు. అతను ఫైనల్ చేరాడు. అలా చేరినప్పుడు మర్నాడు పొద్దున మళ్లీ తూకం ఉంటుంది, ఈసారి పావుగంటే. ఆ రాత్రి తినకుండా పడుకుని, పొద్దున తూకం ఇచ్చి, రెండు కుస్తీలు పట్టి రెండూ గెలిచాను. రెండోది ఆఖరి ఇరవై సెకన్లలో, అవతలివాణ్ని వలయం బయటికి నెట్టిన ఒక్క పాయింటుతో. ఆ పతకం గురించి 'టై అయిందా' అని అడిగితే ఏమి చెప్పాలో నాకు కాసేపు తోచలేదు.

ఆ ఉద్యోగిది తప్పని నేను అనను. ఒక బల్ల మీద చదరంగం, కబడ్డీ, ఈత, విలువిద్య అన్నీ వచ్చి పడుతుంటే ఒక్కో ఆటకు ఒక్కో లెక్క ఆయన ఎలా గుర్తుపెట్టుకుంటారు? బాక్సింగ్‌లో, జూడోలో కూడా కాంస్యాలు రెండే. అర పేజీ సూచన ఆ బల్ల మీద ఉంటే చాలు. అది లేకపోవడం వల్ల ఇద్దరు కాంస్య విజేతల్లో ఒకరిని 'నాలుగో స్థానం'గా దింపేస్తే, మూడో స్థానం లోపు అనే గీత అవతల పడిపోతాడు. రాని స్థానంలోకి నెట్టబడి ఉద్యోగం పోగొట్టుకుంటాడు. నా విషయంలో అలా జరిగిందో లేదో నాకు తెలియదు. తుది జాబితాలో నా పేరు లేదు, ఎందుకు లేదో కారణం కూడా లేదు.

ఇంతకీ మేము ఏ ఉద్యోగాలకు వెళ్లగలం? రాష్ట్రంలో క్రీడాకారుల కోటాను రెండు శాతం నుంచి మూడు శాతానికి పెంచారు, సంతోషం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు గాను 421 పోస్టులు క్రీడాకారులకు కేటాయించి, రాత పరీక్ష లేకుండా ఆట ప్రతిభ ఆధారంగా ఎంపిక చేశారు. అది నిజంగా పెద్ద అడుగు. కానీ దానికి ఉపాధ్యాయ శిక్షణ అర్హత ఉండాలి. రోజుకు రెండు పూటలా గోదాలో ఉండే కుర్రాళ్లలో ఎక్కువమంది మామూలు డిగ్రీ దగ్గరే ఆగిపోతారు. మా వస్తాదు మాకు చిన్నప్పటి నుంచి చెప్పింది ఒక్కటే: "పతకం తెండి, పోలీసుల్లో తీసుకుంటారు."

పోలీసుల సంగతి చూడండి. 2022 నవంబరులో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. తుది ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. కుస్తీవాడికి ఆ మూడేళ్లే ఒంట్లో బలం ఉండే కాలం. సరే, కోర్టులు, వాయిదాలు మీ చేతిలో లేవు. ఎత్తు మాత్రం నిబంధనల్లోనిదే. మగవారికి సాధారణంగా 167.6 సెంటీమీటర్లు ఉండాలి. నేను 163. చిన్న బరువు విభాగాల్లో పొట్టిగా, గట్టిగా ఉండేవాడికే లాభం, శిక్షకులు వెతికేది అలాంటివాణ్నే. పొట్టివాడివి కాబట్టి కుస్తీకి రా అని చేర్చుకున్నారు, కుస్తీలో గెలిచాక పొట్టివాడివి కాబట్టి పోలీసుకు వద్దంటున్నారు. పారిస్‌లో 57 కిలోల్లో కాంస్యం గెలిచిన అమన్ సెహ్రావత్ సెమీఫైనల్ తర్వాత పది గంటల్లో 4.6 కిలోలు తగ్గించుకున్నాడని చదివాను. నాకు తక్కువైంది కూడా సరిగ్గా 4.6. కానీ సెంటీమీటర్లు. బరువైతే నేనూ దించగలను. ఎత్తు ఏ గదిలో ఫ్యాను ఆపి పెంచుకోవాలి?

గిరిజన ప్రాంతాల ఎస్టీ అభ్యర్థులకు 160 సెంటీమీటర్లు చాలని అదే నోటిఫికేషన్‌లో ఉంది. అది న్యాయమే. అంటే సడలింపు అనేది ఆ నిబంధనకు కొత్త మాట కాదు. బరువు విభాగాల ఆటల్లో, అంటే కుస్తీ, బాక్సింగ్, జూడో, వెయిట్‌లిఫ్టింగ్‌లలో కోటా కింద వచ్చేవారికి ఎత్తు సడలింపు ఇమ్మని మీ శాఖ హోంశాఖకు ఎప్పుడైనా రాసిందా? రాయకపోతే రాయండి. రాసి ఉంటే ఏమి జవాబు వచ్చిందో మాకు చెప్పండి. కాదన్నా పర్వాలేదు, కొత్తగా చేరే పిల్లలకు మా వస్తాదు ఆ మాట మార్చి చెబుతాడు.

నేను కోరేది పెద్ద పని కాదు. 2023 డిసెంబరు 24 నుంచి 2025 మార్చి 10 వరకు జరిగిన కుస్తీ జాతీయ పోటీల్లో, సీనియర్ నుంచి అండర్-15 దాకా, ఏవి చెల్లుతాయో ఏవి చెల్లవో ఊరు, తేదీలతో సహా ఒక పట్టిక వేయండి. కేంద్ర మంత్రిత్వ శాఖను అడగాల్సి వస్తే అడిగి వేయండి, సస్పెన్షన్ ఎత్తేశాక వెనకటి పోటీలను ఏమి చేస్తారన్నది వారే తేల్చాలి. చెల్లే వాటికి ఎవరి సంతకం కావాలో ఆ పట్టికలోనే రాయండి. ఇది వచ్చే నోటిఫికేషన్ తర్వాత కాకుండా ముందే రావాలి, ఎందుకంటే దరఖాస్తులో ఒక్కసారి ఏ కాగితం జతచేశామో అదే చివరిదాకా ఉంటుంది. కోటాలో ఎవరినైనా పక్కనపెట్టినప్పుడు కారణం ఒక్క వాక్యంలో తెలియజేయమని నియామక సంస్థలకు చెప్పండి. 'గుర్తింపు లేని పోటీ' అని రాస్తే నేను ఆ కాగితాన్ని ట్రంకు పెట్టెలో పెట్టి, మళ్లీ జాతీయ పోటీకి ఎంపిక కావడానికి చూసుకుంటాను. 'స్థానం స్పష్టంగా లేదు' అని రాస్తే పోటీ ఫలితాల పట్టిక తెచ్చి చూపిస్తాను. ఏమీ రాయకపోతే దేన్ని సరిదిద్దుకోవాలి?

నాతో పాటు సాధన చేసేవాళ్లలో ఇద్దరు ఈ ఏడాది మానేశారు. ఒకడు కృష్ణపట్నం వైపు లారీల మీద వెళుతున్నాడు, ఇంకొకడు నెల్లూరులో ఒక జిమ్‌లో శిక్షకుడు. వాళ్ల కాగితాలు కూడా ఆ పదిహేను నెలల్లోవే. ఈ లేఖ రాస్తున్నానని చెబితే ఒకడు నవ్వాడు, రెండోవాడు తన జిరాక్సులు కూడా జతచేయమని పంపాడు. జతచేస్తున్నాను.

రాష్ట్ర ఎంపిక పోటీలు దగ్గరపడుతున్నాయి. వెళితే ఇంకో మూడు నెలలు బరువు దించుతూ తిరగాలి. మా నాన్న పనిచేసే గుంటల యజమాని కొత్త పంటకు పిల్ల రొయ్య వదులుతున్నాడు, రాత్రి కాపలాకు ఇంకో మనిషి కావాలట. నేనైతే నమ్మకంగా ఉంటానని ముందు మమ్మల్నే అడిగాడు. ఈ నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పాలి.

ఇట్లు,
57 కిలోల ఫ్రీస్టయిల్ కుస్తీ క్రీడాకారుడు,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా.